కంపెనీ అరవై, ఇమిగ్రేషన్ అరవై

"నమస్తే అండీ. డాలస్ దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో 2021 అక్టోబర్ నుంచి హెచ్-1బీ మీద పనిచేస్తున్నాను. ఐ-94 గడువు 2027 సెప్టెంబర్ 30 దాకా ఉంది. మొన్న ఫిబ్రవరి 2, సోమవారం పొద్దున్నే పదిహేను నిమిషాల కాల్ పెట్టి, మా ఆఫీసులోని 420 మందిలో 150 మందిని తీసేస్తున్నామన్నారు. నా లెటర్‌లో ఉద్యోగం ముగిసే తేదీ ఏప్రిల్ 3 అని ఉంది. అప్పటిదాకా జీతం వస్తుందట, పనికి మాత్రం రానక్కర్లేదట. లాప్‌టాప్ యాక్సెస్ ఆ మధ్యాహ్నమే పోయింది. తర్వాత ఎనిమిది వారాల సెవరెన్స్ ఒకేసారి ఇస్తారు, కానీ ఒక అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాలి. నా అరవై రోజులు ఫిబ్రవరి 2నే మొదలయ్యాయని ఒక ఫ్రెండ్ అంటాడు. ఏప్రిల్ నుంచి అని ఇంకొకడు, సెవరెన్స్ అయ్యాక అని మరొకడు. మేనేజరేమో 'నువ్వే రిజైన్ చేస్తే రికార్డు బాగుంటుంది' అన్నాడు. మా ఆవిడ హెచ్-4 మీద ఉంది, ఉద్యోగం లేదు. పాప ఇక్కడే పుట్టింది. ఐ-140 అప్రూవ్ అయి పద్నాలుగు నెలలైంది. పాస్‌పోర్టులో వీసా స్టాంపు 2024లోనే అయిపోయింది. టెన్షన్‌తో రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. లెక్క ఎక్కడి నుంచి పెట్టుకోవాలి?" — ఒక పాఠకుడు

ముందుగా ఒక మాట. నేను లాయర్ని కాను. ఇమిగ్రేషన్ లాయర్ల ఆఫీసులో చాలా ఏళ్ళు ఫైళ్ళు కట్టినదాన్ని. అందుకని మీ కాగితాలను అవతల కూర్చున్న అధికారి ఎలా చదువుతాడో చెప్పగలను. చివరి మాట మాత్రం మీ ఫైలు చూసిన లాయర్‌దే అవ్వాలి. కంపెనీ లాయర్‌ని కాదు, మీ సొంత లాయర్‌ని పెట్టుకోండి. కంపెనీ లాయర్ ఎంత మంచివాడైనా ఇప్పుడు ఆయన పనిచేసేది కంపెనీ కోసమే.

మీ ఫ్రెండ్స్ ముగ్గురూ అరవై అనే అంకెనే పట్టుకుని వాదించుకుంటున్నారు గానీ, ఇక్కడ అరవైలు రెండున్నాయి. ఒకటి కార్మిక చట్టంలోది, ఇంకొకటి ఇమిగ్రేషన్ నిబంధనలోది. వాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదు. రెండూ ఒకే అంకె కావడం కాకతాళీయం, కానీ ఎంతమందిని ముంచిందో చెప్పలేను.

మొదటిది వార్న్ అనే ఫెడరల్ చట్టం. 1988లో వచ్చింది. వందమంది, అంతకు పైగా ఉద్యోగులున్న కంపెనీ పెద్దఎత్తున మనుషుల్ని తీసేయాలంటే 60 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. అయితే అమెరికాలో మామూలుగా ఉద్యోగికి నోటీసు హక్కంటూ ఏదీ ఉండదు. ఏ కారణమూ చెప్పకుండా ఈ మధ్యాహ్నమే పంపించేయచ్చు. వార్న్ దానికి ఒక మినహాయింపు, అదీ కొన్ని అంకెలు దాటితేనే. ఒకేచోట 500 మందిని తీసేస్తే వర్తిస్తుంది. 50 నుంచి 499 మంది మధ్య అయితే, ఆ సంఖ్య అక్కడి సిబ్బందిలో కనీసం మూడో వంతు ఉండాలి. మీ ఆఫీసులో 420కి 150 అంటే దాదాపు 36 శాతం, కాబట్టి గీత దాటింది. అదే 120 మందితో ఆపి ఉంటే 29 శాతం దగ్గరే ఆగేది, అప్పుడు మీకీ రెండు నెలలు ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీకి ఉండేది కాదు. మీ కంపెనీ దయతో ఇస్తున్నట్టు మాట్లాడితే ఈ లెక్క గుర్తుంచుకోండి. ఇలాంటి నోటీసు రాష్ట్ర ప్రభుత్వానికీ వెళ్ళాలి. టెక్సస్‌లో వచ్చిన వార్న్ నోటీసులను టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. మీ కంపెనీ పేరు, తేదీ అక్కడ ఉన్నాయేమో చూసి, ఆ పేజీని దాచుకోండి. నోటీసు ఎగ్గొట్టిన కంపెనీ మీద కార్మిక శాఖ చర్య తీసుకోదు, ఉద్యోగులే ఫెడరల్ కోర్టుకు వెళ్ళాలి. గెలిస్తే గరిష్ఠంగా 60 రోజుల జీతం, బెనిఫిట్లు వస్తాయి. మీ విషయంలో నోటీసు ఇచ్చారు కాబట్టి ఆ గొడవ లేదు.

రెండో అరవై 2017 జనవరి 17 నుంచి అమల్లో ఉన్న గ్రేస్ పీరియడ్. ఉద్యోగం పోయాక హెచ్-1బీ మనిషిని వరసగా 60 రోజుల దాకా స్టేటస్‌లో ఉన్నట్టే చూస్తారు. ఎప్పటిదాకా ఉండచ్చో చెప్పే ఐ-94 అంతకన్నా ముందే అయిపోతే అక్కడే ఆగుతుంది, మీకు 2027 దాకా ఉంది కాబట్టి ఆ భయం లేదు. ఈ రోజుల్లో పనిచేయకూడదు. దేశంలో ఉండచ్చు, వెతుక్కోవచ్చు, కొత్త కంపెనీ మీ పేరున పిటిషన్ వేయచ్చు. మీ ఆవిడ హెచ్-4 కూడా మీ స్టేటస్‌తోనే నడుస్తుంది. పాప అమెరికా పౌరురాలు కాబట్టి ఈ లెక్కల్లోకి రాదు. ఇంకో సంగతి, నిబంధనలో 'దాకా' అన్న మాట ఊరికే లేదు. ఆ కాలాన్ని తగ్గించే, అసలు ఇవ్వకుండా ఉండే విచక్షణ ప్రభుత్వానికి ఉంది.

ఇప్పుడు మీరడిగిన దానికి వస్తాను. గ్రేస్ మొదలయ్యేది ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి. ఉద్యోగం ముగిసిన రోజంటే ఏది అన్నదానికి ఇమిగ్రేషన్ శాఖ తన వెబ్‌సైట్‌లో ఇచ్చుకున్న వివరణ: సాధారణంగా, జీతం చెల్లించిన చివరి రోజు. ఆ 'సాధారణంగా' దగ్గరే అంతా ఉంది. మీకు ఏప్రిల్ 3 దాకా జీతం ఉంది కాబట్టి, గ్రేస్ ఏప్రిల్ 4న మొదలై అరవయ్యో రోజు జూన్ 2 అవుతుంది. కానీ మీరు చివరిగా పనిచేసింది ఫిబ్రవరి 2న. 'పనే లేనప్పుడు హెచ్-1బీ ఉద్యోగం ఎక్కడుంది?' అని ఒక అధికారి మొండికేస్తే, లెక్క ఫిబ్రవరి 3న మొదలై ఏప్రిల్ 3తో ఆగిపోతుంది. అంటే మీ ఫ్రెండ్స్‌లో ఇద్దరూ పూర్తిగా తప్పు కాదు. మూడోవాడే తప్పు. ఏప్రిల్ 3 నుంచి ఎనిమిది వారాలు కలిపి, ఆపైన అరవై కలిపి జూలై 28 అని లెక్కేసుకుంటే కొంప మునిగినట్టే. సెవరెన్స్ అనేది ఉద్యోగం పోయినందుకు ఇచ్చే డబ్బు. ఎన్ని వారాలకు సరిపడా ఇచ్చినా అది ఉద్యోగాన్ని పొడిగించదు.

జూన్ 2 లెక్కకు బలం లేకపోలేదు. పని చూపించలేకపోయినా హెచ్-1బీ ఉద్యోగికి కంపెనీ జీతం ఇవ్వాల్సిందేనని కార్మిక శాఖ నిబంధన చెబుతుంది, ఉద్యోగాన్ని సరైన పద్ధతిలో ముగించేదాకా ఆ బాధ్యత పోదు. మనవాళ్ళు బెంచ్ మీద ఉండటం అంటారే, దాని గురించే ఆ నిబంధన. జీతమిస్తూ ఖాళీగా కూర్చోబెట్టడం ఉద్యోగం ముగించినట్టు కాదని దాన్నిబట్టి వాదించవచ్చు. అందుకే చాలామంది లాయర్లు పేరోల్ చివరి రోజునే తీసుకుంటారు. కానీ ఇలాంటి పనిలేని నోటీసు మీద గట్టిగా రాసిన నిబంధన లేదు. నేనైతే పనులన్నీ ఏప్రిల్ 3 లెక్కన చేసుకుంటూ, అవసరం పడితే జూన్ 2ని కాపాడుకునేలా కాగితాలు పోగేస్తాను.

ఆ కాగితాలేమిటంటే, మొదట మీ లెటర్. అందులో ఫిబ్రవరి 2 నోటీసు తేదీగానూ, ఏప్రిల్ 3 ఉద్యోగం ముగిసే తేదీగానూ విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. కొన్ని కంపెనీలు ఈ రోజే తీసేసి, రెండు నెలల జీతాన్ని నోటీసుకు బదులుగా చేతిలో పెడతాయి. బ్యాంకులో పడే డబ్బు అంతే, ఇమిగ్రేషన్ లెక్క మాత్రం ఆ రోజు నుంచే మొదలవుతుంది. తేడా ఎలా తెలుస్తుందంటే, మామూలు జీతం రోజున మామూలు పే స్టబ్ వస్తోందా, ఇన్సూరెన్స్, పన్ను కోతలు ఎప్పటిలాగే ఉన్నాయా, ఉద్యోగం గురించి ఎవరైనా వాకబు చేస్తే కంపెనీ 'ఇంకా మా ఉద్యోగే' అని జవాబిస్తోందా అని చూడాలి. 'ఏప్రిల్ 3 దాకా నేను ఉద్యోగిగానే ఉంటానని, అప్పటివరకు హెచ్-1బీ పిటిషన్ ఉపసంహరించరని నిర్ధారించండి' అని హెచ్ఆర్‌కి ఒక మెయిల్ రాయండి. రెండో భాగం మర్చిపోవద్దు. ఉద్యోగిని తీసేశాక ఇమిగ్రేషన్ శాఖకు వెంటనే తెలియజేయడం కంపెనీ బాధ్యత. కానీ ఎవరో తొందరపడి ఫిబ్రవరిలోనే ఆ ఉత్తరం పంపితే, మీ లెటర్ ఒక తేదీ, వాళ్ళ ఉత్తరం ఇంకో తేదీ చెబుతాయి. నేను చూసిన ఒక ఫైల్లో సరిగ్గా ఇదే జరిగింది. ఆ రెండు తేదీలకు పొంతన కుదర్చడానికి కొత్త కంపెనీ లాయర్‌కి చాలా రోజులు పట్టింది.

మేనేజర్ సలహా మాత్రం పక్కన పెట్టండి. చెడ్డ ఉద్దేశంతో అన్నాడని కాదు, ఆయనకు తెలిసి ఉండదు. రిజైన్ చేసినా గ్రేస్ పీరియడ్ వస్తుంది, అది నిజమే. కానీ వార్న్ కింద రావాల్సినవి పోతాయి, సెవరెన్స్ ఇవ్వకపోవడానికి సాకు దొరుకుతుంది. ఇంకొకటి చాలామందికి తెలియదు. హెచ్-1బీ గడువు పూర్తికాకముందే కంపెనీయే తీసేస్తే, మీరు అమెరికా వచ్చేముందు చివరగా ఉన్న దేశానికి తిరుగు ప్రయాణ ఖర్చు భరించాల్సింది కంపెనీయే. మీ ఒక్కరికే, కుటుంబానికి కాదు. మీరంతట మీరు వదిలేస్తే ఆ బాధ్యత వాళ్ళకు లేదు.

అగ్రిమెంట్ మీద సంతకానికి ముందు ఒక బేరం ఆడి చూడచ్చు. ఎనిమిది వారాల సెవరెన్స్‌ను ఒకేసారి వద్దు, అదే మొత్తాన్ని పేరోల్ మీద ఉంచి జీతంగా ఇవ్వండి, ఉద్యోగం ముగిసే తేదీని మే 29కి మార్చండి అని అడగండి. కంపెనీకి ఇన్సూరెన్స్ ఖర్చు కాస్త పెరుగుతుంది తప్ప పెద్ద నష్టం లేదు. కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి, కొన్ని పాలసీ కాదంటాయి. ఒప్పుకుంటే పేరోల్ లెక్క ప్రకారం వచ్చే గడువు మరింత దూరం జరుగుతుంది. కానీ ఇందులో ఒక చిక్కుంది. పని లేకుండా జీతం తీసుకునే కాలం పెరిగేకొద్దీ 'ఇది నిజమైన ఉద్యోగమేనా' అన్న ప్రశ్న కూడా బరువెక్కుతుంది. రెండు నెలలను సమర్థించుకున్నంత తేలిక కాదు నాలుగు నెలల్ని సమర్థించుకోవడం. నేనైతే అడుగుతాను, వస్తే తీసుకుంటాను, కానీ నా ప్లాన్‌లోని ఏప్రిల్ 3ని మాత్రం కదపను.

ఇక ఉద్యోగ వేట. గడువులోపల కావాల్సింది ఆఫర్ లెటర్ కాదు, కొత్త కంపెనీ పిటిషన్ ఇమిగ్రేషన్ శాఖకు చేరడం. వెనక్కి లెక్కేసుకుంటూ రండి. పిటిషన్‌కు ముందు కార్మిక శాఖ నుంచి ఎల్‌సీఏ అనే కాగితం రావాలి, దానికి ఏడు పనిదినాలు పడుతుంది. అంతకుముందు కంపెనీ లాయర్ మీ డిగ్రీలు, పాత అప్రూవల్స్, పే స్టబ్స్ తెప్పించుకోవాలి. ఆ తర్వాత పిటిషన్ రాయడం, సంతకాలు, పంపడం. గబగబా చేసినా మొత్తం మూడు వారాలు అనుకోండి. అంటే ఏప్రిల్ 3 లెక్కన మార్చి 13కల్లా, జూన్ 2 లెక్కన మే 12కల్లా ఆఫర్ చేతిలో ఉండాలి. ఇంటర్వ్యూల మొదట్లోనే 'హెచ్-1బీ ట్రాన్స్‌ఫర్ కావాలి, మీ లాయర్‌కి ఎన్ని రోజులు పడుతుంది' అని అడగండి. సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు. గడువులోపల పిటిషన్ చేరితే, అప్రూవల్ కోసం ఆగకుండా కొత్త కంపెనీలో చేరిపోవచ్చు. మీరు ఇదివరకే హెచ్-1బీ కోటా లాటరీలో లెక్కకు వచ్చేశారు కాబట్టి మళ్ళీ లాటరీ లేదు.

గడువు దాటాక చేరితే ఏమవుతుంది? పిటిషన్‌ను అప్రూవ్ చేసి కూడా, 'మీరు స్టేటస్‌లో లేరు కాబట్టి ఇక్కడే ఉండి పొడిగించుకోవడం కుదరదు, బయటికెళ్ళి స్టాంపింగ్ చేయించుకుని రండి' అనవచ్చు. అసాధారణ పరిస్థితుల్లో ఆలస్యాన్ని మన్నించే వెసులుబాటు ఉంది గానీ, దాని మీద ఇల్లు కట్టుకోలేం. ఒకప్పుడు ఈ జవాబు వస్తే టికెట్ ఖర్చు, కాన్సులేట్ అపాయింట్‌మెంట్ తలనొప్పితో పోయేది. ఇప్పుడు అలా కాదు. 2025 సెప్టెంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన అధ్యక్షుడి ప్రకటన ప్రకారం, దేశం బయట ఉండి చెల్లుబాటయ్యే హెచ్-1బీ స్టాంపు లేనివారి కోసం వేసే కొత్త పిటిషన్లకు కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. దేశం లోపల ఉండగా పొడిగింపు దొరికినవారికి అది వర్తించదు. కానీ లోపల ఉండి అడిగినా, స్టేటస్ లేదని ఆ పొడిగింపును తిరస్కరిస్తే, లక్ష మెడకు చుట్టుకుంటుంది. మీ స్టాంపు 2024లోనే పోయింది. అందుకే రెండు తేదీల మధ్య తేడా మీకు రెండు నెలల తేడా మాత్రమే కాదు. ఏ కంపెనీ ఆ లక్ష పెట్టి మిమ్మల్ని తెచ్చుకుంటుందో ఆలోచించండి. 'కాసేపు ఇంటికెళ్ళి వద్దాం, అక్కడి నుంచి వెతుక్కుందాం' అనే ఆలోచన ఉంటే అది కూడా ఈ లెక్కతోనే తూచండి. పిటిషన్ పెండింగ్‌లో ఉండగా దేశం దాటినా ఇదే సమస్య రావచ్చు.

మార్చి మూడో వారానికి కూడా ఆఫర్ దగ్గరికి రాకపోతే, ఏప్రిల్ 3 లోపల స్టేటస్ మార్చమని అడిగే ఐ-539 ఫారం వేసి, ఏప్రిల్ 4 నుంచి సందర్శకుల స్టేటస్, అంటే బీ-2, అడగడం ఒక దారి. మీ ఆవిడని కూడా అందులోనే కలపవచ్చు. సకాలంలో వేస్తే, అది పెండింగ్‌లో ఉన్నంతకాలం మీరు అక్రమంగా ఉన్నట్టు లెక్కించరు. బీ-2లో ఉండి ఉద్యోగం వెతుక్కోవడం, ఇంటర్వ్యూలకు వెళ్ళడం తప్పు కాదని ఇమిగ్రేషన్ శాఖే చెప్పింది. దీనికి ఖరీదు ఏమిటంటే, గ్రేస్ గడువు దాటాక కొత్త కంపెనీ పిటిషన్ వేస్తే, చేరగానే పనిలోకి దిగే సౌకర్యం ఉండదు. హెచ్-1బీ అప్రూవ్ అయి స్టేటస్ మారేదాకా ఆగాలి. ఆ మార్పు కూడా మధ్యలో ఉన్న బీ-2 మీద ఆధారపడి ఉంటుంది. బీ-2 తిరస్కరిస్తే వంతెన మధ్యలో విరిగినట్టు. కొత్త కంపెనీ అన్ని నెలలు ఆగుతుందా అన్నది ఇంకో ప్రశ్న. అందుకని ఏప్రిల్ మొదటి వారంలో ఆఫర్ వచ్చేలా ఉంటే, బీ-2 వేయకుండా పేరోల్ లెక్క మీదే నిలబడటం కొందరు లాయర్ల సలహా. రెండూ వేసి, హెచ్-1బీ దాఖలయ్యాక బీ-2ని వెనక్కి తీసుకోవడం ఇంకొందరి పద్ధతి. స్టాంపు లేని మీ పరిస్థితిలో నాకు రెండోదే నచ్చుతుంది. ఫీజు పోతే పోయింది.

ఏమీ వేయకుండా జూన్ 2 దాటి ఉండిపోవడం ఒక్కటీ వద్దు. మీ ఐ-94 మీద 2027 అని ఉంది కదా అని ధైర్యపడేవాళ్ళను చూశాను. ఆ తేదీ ఉన్నంతకాలం సాధారణంగా అక్రమ నివాసపు రోజులు పోగుపడవు, మూడేళ్ళ నిషేధం లాంటివి వెంటనే రావు. కానీ స్టేటస్ పోయినట్టే, దేశం నుంచి పంపించే ప్రక్రియకు నోటీసు రావచ్చు, ఇక్కడి నుంచి హెచ్-1బీకి మారే దారి మూసుకుపోతుంది.

గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసిన ఐ-140 గురించి మీరు భయపడక్కర్లేదు. అప్రూవ్ అయి 180 రోజులు దాటింది కాబట్టి పాత కంపెనీ ఉపసంహరించుకున్నా అది రద్దు కాదు. కొత్త కంపెనీ గ్రీన్‌కార్డ్ పని మొదటి నుంచి మొదలుపెట్టాలి గానీ, క్యూలో మీ ప్రయారిటీ డేట్ అదే ఉంటుంది. హెచ్-1బీ ఆరేళ్ళ పరిమితి దాటాక పొడిగింపుకూ ఆ ఐ-140యే ఆధారం. అప్రూవల్ నోటీసు కాపీ మీ దగ్గర లేకపోతే, హెచ్ఆర్ వాళ్ళు మీ మెయిల్స్‌కి ఇంకా జవాబిస్తున్న ఈ రోజుల్లోనే అడిగి తీసుకోండి. తొలగింపు తర్వాత ఎవరూ ఫోన్ ఎత్తరు. ఇన్సూరెన్స్ ఏ రోజుతో ఆగుతుందో కూడా అప్పుడే అడగండి. కోబ్రా కింద సొంత డబ్బుతో కొనసాగించుకోవాలో వద్దో చెప్పడానికి మళ్ళీ ఇంకో అరవై రోజులిస్తారు. ఆ మూడో అరవైని పై రెండింటితో కలపకండి.

ఈ వారంలో చేయాల్సింది హెచ్ఆర్‌కి ఆ మెయిల్, సొంత లాయర్‌తో ఒక గంట. లాయర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు లెటర్, సంతకం చేయని అగ్రిమెంట్, చివరి మూడు పే స్టబ్స్, ఐ-94 ప్రింట్, హెచ్-1బీ, ఐ-140 అప్రూవల్ నోటీసులు పట్టుకెళ్ళండి. ఆయన ఏప్రిల్ 3, జూన్ 2లో ఏ తేదీని పట్టుకుంటారో, ఎందుకో మెయిల్‌లో రాసివ్వమనండి.